కారణం ఎంత, సందేహం ఎంత: ప్రమాద పరిశోధన నివేదికను కోర్టు కోసం తెలుగు చేయడం

(కోర్టు అనువాదకుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

ఈ పూట ఒక్క నివేదికనే ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. ఇది శిక్షణ కోసం అల్లిన నివేదిక. ఇందులో చెప్పిన ప్రమాదం ఎక్కడా జరగలేదు. వాక్యాలు మాత్రం ఇంజనీర్లు నిజంగా రాసే తీరులోనే ఉన్నాయి.

సంగతి ఇదీ. ఒక వర్క్‌షాపులో ఐదు టన్నులు ఎత్తగల క్రేన్ ఉంది. దానితో 3.2 టన్నుల యంత్రభాగాన్ని ఎత్తుతుండగా ఉక్కు తాడు తెగింది. బరువు కింద పడింది. ఒక కార్మికుడి కాలు నలిగింది. కేసులో క్రేన్ యజమాని ఒక పక్షం, దాని మరమ్మతులూ తనిఖీలూ చూసే కాంట్రాక్టరు ఇంకో పక్షం. క్రేన్ నడిపిన ఆపరేటర్ తప్పు ఏమైనా ఉందా అన్నది కూడా తేలాలి. తెగిన తాడును పరీక్షించిన ఇంజనీరు ఇంగ్లీషులో నివేదిక ఇచ్చారు. అది తెలుగులో కావాలి.

ముందు ఇంజనీరు ఏం చూశారో మనకు అర్థం కావాలి. అది అర్థం కాకుండా మాటలు మార్చడం మొదలుపెడితే ఎక్కడ జారామో మనకే తెలియదు. తాడు మందం 12 మిల్లీమీటర్లు. ఆరు పేటలు, పేటకు 36 తీగలు, మొత్తం 216. నడుమ నార. తెగిన చోట ప్రతి తీగ కొననూ ఆయన మైక్రోస్కోప్ కింద చూశారు. 131 కొనలు చదునుగా, ఏమాత్రం సన్నబడకుండా తెగి ఉన్నాయి. 62 కొనలు తెగే ముందు సాగి, సన్నబడి, ఒక ముక్క గిన్నెలా, దాని ఎదుటి ముక్క శంకువులా ఉన్నాయి. మిగిలిన 23 కొనలు రాపిడికి చెదిరిపోయాయి, ఏ రకమో చెప్పే స్థితిలో లేవు.

చదునుగా తెగడం ఫెటీగ్‌కు గుర్తు. తాడు కప్పీ మీద వంగుతూ, మళ్లీ నిటారవుతూ వేల సార్లు తిరిగేసరికి తీగలో సన్నని పగులు పుడుతుంది. అది కొద్దికొద్దిగా లోపలికి పాకి చివరికి తీగ తెగుతుంది. సాగి సన్నబడిన కొన దీనికి భిన్నం. ఆ తీగ మోయగలిగినదాని కంటే ఎక్కువ లాగుడు పడి ఒక్కసారిగా తెగిందని అది చెబుతుంది.

మొదటి ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. ఆ 62 తీగల గురించి ఇంజనీరు రాసిన మాట ‘టెన్సైల్ ఓవర్‌లోడ్’. అదే నివేదికలో ఇంకో చోట ‘ఓవర్‌లోడింగ్ ఆఫ్ ది క్రేన్’ అని ఉంది. రెంటికీ ‘అధిక బరువు’ అని రాసేశామనుకోండి. అప్పుడు కోర్టు చదివేది ఇది: ‘62 తీగలు అధిక బరువు వల్ల తెగాయి.’ చదివిన ఎవరికైనా ఆపరేటర్ ఐదు టన్నులకు మించి ఎత్తాడనే తోస్తుంది. ఇంజనీరు అలా అనలేదు. 131 తీగలు ముందే తెగి ఉంటే వాటి వాటా లాగుడంతా మిగిలిన తీగల మీద పడుతుంది. క్రేన్ తన హద్దులోపలే 3.2 టన్నులు ఎత్తుతున్నా ఆ మిగిలిన తీగలకు అది మోయలేని భారమే. అందుకని మొదటిదానికి ‘తీగ తట్టుకోగలిగినదానికి మించిన లాగుడు’ అనీ, రెండోదానికి ‘క్రేన్ సామర్థ్యానికి మించి బరువు ఎత్తడం’ అనీ రాయాలి. మాటలు పెరుగుతాయి, పెరగనివ్వండి. ఈ రెంటినీ కలిపేస్తే తప్పు కాంట్రాక్టరు మీద నుంచి ఆపరేటర్ మీదకు మారిపోతుంది. అది అనువాదకుడి చేతుల్లో జరగకూడని పని.

ఇక కారణాన్ని చెప్పే మాటలకు వద్దాం. ఇంజనీరు ఒక మెట్టు మీద నిలబడి మాట్లాడతారు. ‘కాజ్డ్’ అంటే ఒక మెట్టు, ‘కాంట్రిబ్యూటెడ్ టు’ అంటే దాని కింది మెట్టు, ‘యాక్సెలరేటెడ్’ అంటే వేరే సంగతి, ‘ఫాలోడ్’ అంటే కారణమే కాదు, వరస మాత్రమే. తెలుగులో మనకున్న చిక్కు ఏమిటంటే మన వాక్యం సహజంగానే వీటన్నిటినీ ఒకే ముద్ద చేస్తుంది. ‘తాడు అరిగి తెగింది’ అంటే ఏమిటి? అరిగింది, ఆ తర్వాత తెగింది అనా? అరగడం వల్ల తెగింది అనా? వినేవాడికి రెండోదే తడుతుంది. ‘అరిగి’, ‘వంగి’, ‘జారి’ లాంటి రూపాలు వరసనూ కారణాన్నీ ఒకేసారి చెబుతాయి. మామూలు రాతలో అది మన భాషకున్న సొంపు. ఈ నివేదికలో మాత్రం అది ఇంజనీరు చెప్పని కారణాన్ని చెప్పినట్టు చేస్తుంది.

నివేదికలో ఒక వాక్యం ఉంది: బరువు ఒక పక్కకు ఊగింది, ఆ తర్వాత తాడు తెగింది. అక్కడ ఇంగ్లీషులో ఉన్నది ‘ఆఫ్టర్’. దాన్ని ‘బరువు పక్కకు ఊగి తాడు తెగింది’ అని తెలుగు చేస్తే ఊగడమే కారణమైపోయింది. ఊగించింది ఎవరు అని తర్వాతి ప్రశ్న వస్తుంది. ‘బరువు పక్కకు ఊగిన తర్వాత తాడు తెగింది’ అని రాస్తే వరస వరసగానే ఉంటుంది. ‘ఊగడంతో’ అని కూడా రాయకండి. పత్రికల్లో ఈ ‘-డంతో’ ఎంత అలవాటైపోయిందంటే అది కారణం చెబుతోందని మనం గమనించడమే మానేశాం. ‘వర్షం రావడంతో ఆట ఆగింది’ అనే వాక్యంలో కారణం కాకపోతే ఇంకేముంది? నివేదికలో కేవలం సమయం చెప్పిన చోట ‘తర్వాత’, ‘అప్పుడు’, ‘ఆ సమయంలో’ తప్ప వేరే రూపాలు వాడకపోవడం క్షేమం.

నేరుగా కారణం చెప్పిన చోట ‘వల్ల’ వాడండి. నివేదిక మొత్తానికీ ‘వల్ల’ ఒక్కటే ఉండాలి. ఒక చోట ‘వల్ల’, ఒక చోట ‘మూలంగా’, ఇంకో చోట ‘కారణంగా’ అని శైలి కోసం మార్చారనుకోండి, ఈ మూడింటి మధ్య ఇంజనీరు ఏదో తేడా చూపించారని లాయరు వాదించడానికి తావిచ్చినట్టే. ఇంకో చిన్న అక్షరం గురించి చెప్పాలి. ‘వల్ల’కు బదులు అలవాటుగా ‘వల్లే’ అని రాస్తాం. ఆ దీర్ఘంతో ‘ఇంకేదీ కాదు, ఇదొక్కటే’ అన్న అర్థం వచ్చేస్తుంది. ఇంగ్లీషులో ‘ఓన్లీ’, ‘సోల్లీ’ లాంటి మాట కనబడితే తప్ప ‘వల్లే’ రాయకూడదు. అనువాదం పూర్తయ్యాక ఫైల్లో ‘వల్లే’ అని వెతకండి. ఎన్నిచోట్ల దొరికితే అన్నిచోట్లా మూలం తీసి చూసుకోండి.

‘కాంట్రిబ్యూటెడ్ టు’కు పత్రికల్లో ‘దోహదం చేసింది’ అని రాస్తున్నారు. దోహదంలో మేలు చేసిందన్న ఛాయ ఉంది కాబట్టి ప్రమాదం విషయంలో నాకది రుచించదు. ‘తోడైంది’ అనే మాట చిన్నది, సూటిగా ఉంటుంది, ఇంకా వేరే కారణాలు ఉన్నాయనే సంగతిని తనలోనే దాచుకుంటుంది. నివేదికలో గ్రీజు గురించి ఉన్న వాక్యం చూద్దాం. తాడులో కప్పీ మీద తిరిగే భాగం పొడిబారి ఉంది. ఆ పొడిబారడం, తాడు పాడవుతూ వచ్చిన వేగానికి ‘లైక్లీ కాంట్రిబ్యూటెడ్’ అన్నారు. ఈ వాక్యంలో మూడు సంగతులు ఉన్నాయి. గ్రీజు లేకపోవడం తోడైంది తప్ప పూర్తి కారణం కాదు. అది తోడైంది వేగానికి. అంటే గ్రీజు ఉన్నా తాడు ఎప్పటికో పాడయ్యేదే, లేకపోవడం వల్ల త్వరగా పాడైంది. ఇక ఆ తోడవడం కూడా నిశ్చయం కాదు, అవకాశం ఎక్కువ అంతే.

‘గ్రీజు లేకపోవడంతో తాడు పాడై తెగింది’ అనే తెలుగు వాక్యం వినడానికి ఎంత హాయిగా ఉందో చూడండి. ఆ మూడు సంగతుల్లో ఒక్కటీ అందులో మిగల్లేదు. పైగా తాడు తెగడాన్ని కూడా గ్రీజుకే ముడిపెట్టేసింది. ఇంజనీరు గ్రీజును తాడు పాడవడం దగ్గరే ఆపారు, తెగడం దాకా తీసుకురాలేదు. నేను ఇలా రాస్తాను: ‘తాడు పాడవుతూ వచ్చిన వేగానికి గ్రీజు లేకపోవడం తోడై ఉండే అవకాశం ఎక్కువ.’ కొంచెం బిగుతుగా ఉంది. నిజమే. కానీ మూడూ ఉన్నాయి.

ఇక్కడే ‘గ్రీజు లేకపోవడం’, ‘గ్రీజు పెట్టకపోవడం’ అనే రెండు మాటల తేడా చూడండి. మొదటిది తాడు స్థితి. రెండోది ఒక మనిషి చేయని పని. గ్రీజు పెట్టినా వేడికి ఎండిపోవచ్చు, దుమ్ము పీల్చుకుపోవచ్చు. ఇంజనీరు స్థితిని రాశారు. మనం మనిషిని తెచ్చి నిలబెట్టకూడదు.

మన క్రియలకు మనిషి కావాలి. ఆ విషయం లిమిట్ స్విచ్ దగ్గర ఇంకా గట్టిగా బయటపడుతుంది. హుక్కు పైకి వచ్చి, తాడు చుట్టుకునే డ్రమ్మును తాకేలోపు మోటారును ఆపడానికి పైన లిమిట్ స్విచ్ ఉంటుంది. అది పని చేయకపోతే హుక్ బ్లాక్ పైన తగులుతుంది. మోటారు ఇంకా లాగుతూనే ఉంటుంది కాబట్టి ఎంత బలమైన తాడైనా తెగొచ్చు. కాబట్టి ఈ కేసులో తాడు తెగడానికి రెండు దారులు ఉన్నాయి: పాతబడి తెగడం ఒకటి, పైన తగిలి తెగడం ఒకటి. ప్రమాదం తర్వాత పరీక్షిస్తే స్విచ్ పని చేయలేదు. దాని తీగల్లో ఒకటి టెర్మినల్లో లేదు. ఇంజనీరు మాట: ‘వన్ లీడ్ వాజ్ ఫౌండ్ డిస్కనెక్టెడ్.’

దీన్ని తెలుగులో ఎలా అంటారు? ‘ఒక తీగ ఊడిపోయి ఉంది’ అంటే తనంతట తాను ఊడింది. ‘ఒక తీగ ఊడదీసి ఉంది’ అంటే ఎవరో కావాలని తీశారు. ‘తొలగించబడి ఉంది’ అన్నా అంతే, ఆ ‘బడి’ వెనక ఒక చెయ్యి ఉంది. స్విచ్ మాటిమాటికీ ఆపేస్తోందని దాని తీగ పీకేసి పని కానిచ్చారన్న ఆరోపణ ఇలాంటి కేసుల్లో వచ్చే అవకాశం ఉంది. కాబట్టి ఈ ఒక్క క్రియ మీద ఒక మనిషి మీది ఆరోపణ నిలబడుతుంది, లేదా కూలిపోతుంది. ఇంగ్లీషు వాక్యం ఎటూ చెప్పలేదు. మనమూ ఎటూ చెప్పకూడదు. ‘ఒక తీగ టెర్మినల్‌కు కలిసి లేనట్టు గుర్తించాను’ అంటే సరిపోతుంది. లేనిదాన్ని లేదని చెప్పాం, ఎలా లేకుండా పోయిందో చెప్పలేదు. ఇలా లేదు, ఉంది అనే స్థితి చెప్పే మాటల్లోకి వాక్యాన్ని తిప్పడం మనిషిని వాక్యం నుంచి బయట ఉంచడానికి తెలుగులో ఉన్న నమ్మకమైన ఉపాయం. విరుగు–విరుచు, తెగు–తెంచు, జారు–జార్చు, ఆగు–ఆపు లాంటి జంటలు ఎదురైన ప్రతిచోటా ఇంగ్లీషులో చేసినవాడు ఉన్నాడా లేడా అని చూసుకోండి.

ఆ తర్వాతి వాక్యం ఇంకా ముఖ్యం. స్విచ్ ప్రమాదానికి ముందే పని చేయడం లేదా, ప్రమాదంలో పాడైందా అన్నది ‘కుడ్ నాట్ బి డిటర్మిన్డ్’ అన్నారు. ‘తేలలేదు’ అని రాయవచ్చు. కానీ ‘తేలలేదు’ అంటే ఇంకా తేలాల్సి ఉంది, రేపు తేలొచ్చు అన్న భావం కూడా వస్తుంది. ‘నిర్ధారించడం సాధ్యం కాలేదు’ అంటే ప్రయత్నించారు, దొరికిన ఆధారాలతో వీలు కాలేదు అని స్పష్టంగా ఉంటుంది. ఇక ‘పరీక్షలో పని చేయలేదు’ అన్నప్పుడు ‘ప్రమాదం తర్వాత జరిపిన పరీక్షలో’ అన్న ముక్కను ఎంత పొడుగైనా వదలకండి. అది పోతే ‘స్విచ్ పని చేయలేదు’ అని మిగులుతుంది. చదివేవారు దాన్ని ప్రమాదం జరిగిన క్షణానికి అన్వయించుకుంటారు.

ఇప్పుడు సందేహాన్ని చెప్పే మాటలు. ‘మే హావ్’కు ‘-ఉండవచ్చు’. ఇక్కడ కాలం తప్పిపోకుండా చూడాలి. ‘హుక్ బ్లాక్ డ్రమ్మును తాకవచ్చు’ అంటే ఇక ముందు తాకే వీలుంది, లేదా తాకడానికి అనుమతి ఉంది. ‘తాకి ఉండవచ్చు’ అంటేనే జరిగిపోయిన దాని గురించి అనుమానం. ‘లైక్లీ’, ‘ప్రాబబ్లీ’ అన్నచోట ‘-ఉండే అవకాశం ఎక్కువ’. మనలో చాలామంది ‘మే’కూ ‘లైక్లీ’కీ కూడా ‘అవకాశం ఉంది’ అని రాస్తున్నారు. అక్కడ రెండు మెట్లు ఒకటైపోతున్నాయి. ‘మోర్ లైక్లీ దేన్ నాట్’ అని ఉంటే అది ఇంకా వేరు. ‘జరగకపోవడం కంటే జరిగి ఉండే అవకాశమే ఎక్కువ’ అని పూర్తిగా రాయాల్సిందే. నష్టపరిహారం కేసుల్లో చాలా చోట్ల తీర్పు తూగేది సరిగ్గా ఆ గీత దగ్గరే కాబట్టి ఇంజనీరు దాన్ని ఆచితూచి వాడి ఉంటారు.

‘బహుశా’ అనే మాటను ఇలాంటి నివేదికల్లో నేను అసలు వాడను. కొందరికి అది ‘చాలావరకు అంతే’, ఇంకొందరికి ‘ఏమో, అయితే అవ్వొచ్చు’. చదివేవారిని బట్టి బరువు మారే మాట కోర్టు కాగితంలో ఉండకూడదు. కొన్ని నివేదికల్లో ఏ మాటకు ఎంత శాతం అవకాశమో ముందే పట్టిక ఇస్తారు. అలా ఉంటే పని తేలిక. పట్టికను తెలుగు చేసి, అందులో ఎంచుకున్న మాటనే చివరిదాకా వాడితే చాలు.

‘కన్సిస్టెంట్ విత్’ దగ్గర మన అనువాదాలు ఎక్కువగా జారుతున్నాయి. తాడు స్థితి ఎక్కువకాలం సాగిన ఫెటీగ్‌తో కన్సిస్టెంట్‌గా ఉంది అంటే, ఫెటీగ్ జరిగి ఉంటే తాడు ఇలాగే ఉంటుంది అని అర్థం. వేరే దానివల్ల ఇలా ఉండదని కాదు. దీన్ని ‘సూచిస్తోంది’ అంటే ఒక మెట్టు పెంచినట్టు, ‘రుజువు చేస్తోంది’ అంటే మూడు మెట్లు పెంచినట్టు. ‘పొసగుతోంది’ సరైన మాట: ‘తాడు స్థితి, ఎక్కువకాలం సాగిన ఫెటీగ్‌తో పొసగుతోంది.’ ‘ఇండికేట్స్’ ఉన్నచోట ‘సూచిస్తోంది’ని ఉంచుకోండి. ఈ రెండూ ఒకే పేజీలో పక్కపక్కన వస్తాయి. అక్కడ తేడా కనబడాలి.

సామర్థ్యానికి మించి ఎత్తడం గురించి నివేదికలో రెండు వాక్యాలు ఉన్నాయి. అలా జరిగిందనడానికి ఆధారం కనబడలేదు అనేది ఒకటి. అలా జరగలేదని చెప్పలేం అనేది రెండోది. మొదటిదాన్ని ‘సామర్థ్యానికి మించి ఎత్తలేదు’ అని కుదించడం తప్పు. ఆధారం కనబడకపోవడం వేరు, జరగకపోవడం వేరు. రెండోదానికి ‘తోసిపుచ్చలేం’ అనేది వార్తల్లో స్థిరపడిన మాట. కానీ వార్తల్లో ‘కుట్ర కోణాన్ని తోసిపుచ్చలేం’ లాంటి చోట్ల నలిగి నలిగి దానికి అనుమానపు వాసన అంటుకుంది. ‘జరగలేదని నిర్ధారించలేం’ అన్నది ఏ వాసనా లేని మాట.

‘నాట్ నెసెసరిలీ’ ఒక ఉచ్చు. 62 తీగలు లాగుడుకు తెగినంత మాత్రాన క్రేన్ మీద అధిక బరువు ఉన్నట్టు కాదు అని ఇంజనీరు రాశారు. ఆ చోట ‘కచ్చితంగా’ అనే మాట వాడి ‘ఇది కచ్చితంగా అధిక బరువు వల్ల కాదు’ అని రాసినవారు ఉన్నారు. అర్థం తలకిందులైంది. ‘కావాలనేమీ లేదు’ అన్న సందేహం ‘కానే కాదు’ అన్న నిశ్చయమైంది. ఇంగ్లీషులో ‘కాదు’ అనేది నిశ్చయాన్ని కొట్టేస్తోంది, మన వాక్యంలో అది కారణాన్ని కొట్టేసింది. ‘అంతమాత్రాన’ అనే మాటతో మొదలుపెట్టి ‘అని చెప్పలేం’తో ముగిస్తే ఈ ఉచ్చులో పడం.

తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి సందేహమూ చివరికే వస్తుంది. పొడుగు వాక్యంలో ఇది ఇబ్బంది పెడుతుంది. తాడు తీగలు కొన్ని ముందే తెగి ఉన్నాయి, ఆ సంగతి ఎవరి కంటా పడలేదు, ఎత్తేటప్పుడు మిగతావి తెగాయి అని మూడు సంగతులకూ కలిపి ఇంజనీరు ఒకే ‘ఇట్ ఈజ్ లైక్లీ దట్’ పెట్టారు. మనం చదవడానికి వీలుగా ఉంటుందని మూడు చిన్న వాక్యాలు చేసి, చివరి దానికి మాత్రం ‘అవకాశం ఎక్కువ’ తగిలించామనుకోండి. మొదటి రెండూ తేలిపోయిన నిజాలవుతాయి. ‘ఎవరూ గమనించలేదు’ అనేది తేలిన నిజంగా కోర్టుకు చేరితే కాంట్రాక్టరుకు అది చావుదెబ్బ. నేనైతే మూడింటినీ పేర్లుగా మారుస్తాను: ‘కొన్ని తీగలు ముందే తెగి ఉండడం, అది ఎవరి దృష్టికీ రాకపోవడం, ఎత్తేటప్పుడు మిగతా తీగలు తెగడం – ఈ మూడూ జరిగి ఉండే అవకాశం ఎక్కువ.’ ఇలా చేస్తే చివరి మాట మూడింటినీ కప్పుతుంది.

‘ఫెయిల్’ అనే మాట గురించి కూడా చెప్పాలి. ‘ది రోప్ ఫెయిల్డ్’ అంటే తాడు తెగింది, అంతే. ‘తాడు వైఫల్యం’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘నిర్వహణ వైఫల్యం’ అని దాని పక్కనే ఇంకో చోట వస్తే రెండూ కలిసి తప్పు మోపినట్టు వినబడతాయి. వస్తువు విషయంలో ఏం జరిగిందో ఆ పని రాయండి: తెగింది, విరిగింది, ఆగలేదు. అలాగే ‘డిటెక్టబుల్’. తనిఖీ చేసి ఉంటే తెగిన తీగలు ‘కనిపెట్టగలిగే స్థితిలో ఉండేవి’ అన్నారు ఇంజనీరు. ‘కనిపెట్టి ఉండేవారు’ అనలేదు. మొదటిది తీగల గురించి, రెండోది మనుషుల గురించి. ‘మార్చాల్సిన స్థితికి చేరింది’కీ ‘మార్చి ఉండాల్సింది’కీ కూడా ఇదే తేడా. తాడు తీసేయాల్సిన హద్దును దాటిందనడం కొలత, మార్చి ఉండాల్సిందనడం తీర్పు. తీర్పు చెప్పడం న్యాయమూర్తి పని.

చాలా నివేదికల్లో ముందు ఒక పేజీ సారాంశం ఉంటుంది. ఇందులోనూ ఉంది. లోపల ‘అవకాశం ఎక్కువ’ అన్న విషయమే సారాంశంలో ‘ఫెటీగ్ వల్ల తాడు తెగింది’ అని గట్టిపడింది. ఇంజనీరు తొందరలో రాసి ఉండవచ్చు, కావాలనే రాసి ఉండవచ్చు. మనం దాన్ని సరిదిద్దకూడదు. సారాంశాన్ని మెత్తబరచకూడదు, లోపలి దాన్ని గట్టిపరచకూడదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి లాయరు పట్టుకునేది సరిగ్గా ఈ తేడానే. మనం రెంటినీ ఒకటి చేస్తే ఒక పక్షం చేతిలోని ప్రశ్నను లాగేసుకున్నట్టు. పేరాల నెంబర్లు, వాక్యాల వరస ఉన్నవి ఉన్నట్టు ఉంచేది కూడా ఇందుకే. ‘4.7లో మీరు ఏమన్నారు’ అని అడిగితే తెలుగులోనూ 4.7 దొరకాలి.

పని చేసే తీరు క్లుప్తంగా చెబుతాను. అనువాదం మొదలుపెట్టకముందే నివేదిక మొత్తం చదివి, కారణం చెప్పే ప్రతి మాట కిందా ఒక రంగు, సందేహం చెప్పే ప్రతి మాట కిందా ఇంకో రంగు గీయండి. ఆ మాటలన్నీ ఒక పట్టికలోకి ఎత్తి, ప్రతిదానికీ ఒకే ఒక తెలుగు మాట కేటాయించండి. ‘అంచనా’, ‘సుమారు’, ‘కనీసం’ లాంటివీ అందులో ఉండాలి. ‘కనీసం 131’ అన్నదానికీ ‘131’ అన్నదానికీ ఆ చెదిరిన 23 కొనలంత తేడా ఉంది. అనువాదం అయ్యాక ఆ రంగుల లెక్క మళ్లీ తీయండి. ఇంగ్లీషులో ఒక పేరాలో నాలుగు సందేహపు మాటలుంటే తెలుగులోనూ నాలుగుండాలి. మూడుంటే ఒకటి జారింది. ఐదుంటే మనం ఒకటి చేర్చాం, అదీ తప్పే. ఆ తర్వాత ముగింపు భాగాన్ని మాత్రం మూలం చూడని ఇంకో అనువాదకుడికి ఇచ్చి తిరిగి ఇంగ్లీషులోకి చేయించండి. మూలంలో ‘లైక్లీ’ ఉన్నచోట ఆయన ఇంగ్లీషులో ‘సర్టెన్లీ’ వస్తే తప్పు ఎక్కడుందో వెంటనే కనబడుతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: ఇన్ని ‘అవకాశం ఎక్కువ’లు, ‘ఉండవచ్చు’లు ఒకే పేజీలో వస్తే చదవడానికి ఎబ్బెట్టుగా ఉంటుందండీ. లాయర్లే వచ్చి, కాస్త సాఫీగా చేయమని అడుగుతారు.

అడుగుతారమ్మా. సాఫీగా చేయడానికి వాక్యంలో వేరే చోట్లు ఉన్నాయి. కర్తను ముందుకు తేవచ్చు, అనవసరమైన ‘యొక్క’లు తీసేయవచ్చు, యంత్రభాగాలకు షాపులో వాడే పేర్లే వాడవచ్చు. కప్పీని కప్పీ అనండి, పేటను పేట అనండి. వాక్యం సగం తేలికవుతుంది. సందేహపు మాట జోలికి మాత్రం వెళ్లకండి. లాయరు పట్టుబడితే ఆ అభ్యర్థన రాతపూర్వకంగా ఇమ్మనండి.

ప్రశ్న: మూలం ఇంగ్లీషే రెండు రకాలుగా అర్థమైతే? ఇదే నివేదికలో 5.3 చూడండి. తెగిన తాడు కొన వెనక్కి వచ్చి కొట్టినప్పుడు స్విచ్ తీగ ‘మే హావ్ కమ్ లూజ్, విచ్ కాజ్డ్ ది స్విచ్ నాట్ టు ఆపరేట్’ అని ఉంది.

మంచి చోటు పట్టుకున్నారు. ఆ ‘విచ్ కాజ్డ్’ సందేహం లోపల ఉందా, బయట ఉందా అన్నది ఇంగ్లీషులో తెలియడం లేదు. తెలుగులో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ‘తీగ ఊడి ఉండవచ్చు, దానివల్ల స్విచ్ పని చేయలేదు’ అంటే రెండో సగం నిశ్చయం. ‘తీగ ఊడి, దానివల్ల స్విచ్ పని చేయకపోయి ఉండవచ్చు’ అంటే రెండూ అనుమానమే. పైగా స్విచ్ ఎప్పుడు పాడైందో నిర్ధారించలేమని ముందు చెప్పిన మాటతో మొదటి అర్థం పొసగదు. అయినా రెండో అర్థమే సరైనదని మనకు మనం తీర్మానించుకోకూడదు. ఇంజనీరుకు నేరుగా ఫోన్ చేయకూడదు. ఆయన ఒక పక్షం తరఫు సాక్షి కావచ్చు. పని అప్పగించినవారి ద్వారా, రెండు అర్థాలూ విడివిడిగా రాసి, పేరా నెంబరు వేసి, ఏది ఉద్దేశమో రాతలో అడగాలి. జవాబు వచ్చేలోపు గడువు ముగిస్తే, రెండింటిలో ఒకటి రాసి, చతురస్ర కుండలీకరణాల్లో ‘అనువాదకుని గమనిక’ అని స్పష్టంగా పేరు పెట్టి, మూలం రెండు విధాలుగా అర్థమవుతుందని రెండో అర్థాన్నీ అక్కడే ఇవ్వండి. ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఆ గమనికలో ఎత్తి రాయండి. ఆ గమనిక పేజీ అడుగునో చివరి అనుబంధంలోనో ఉంటే ఎవరూ చూడరు. 5.3 పక్కనే ఉండాలి.